ఐదు బంతులు, ఏడు తూకాలు: ఎనిమిదోది ఎక్కడ పుట్టుకొస్తోంది?

ప్రశ్న: చూడ్డానికి ఒకేలా ఉండే ఐదు బంతులు, బరువులు మాత్రం వేరువేరు. రెండు పళ్లేల త్రాసు ఉంది, తూకపు రాళ్లు లేవు. తేలిక నుంచి బరువుకి వరసగా పేర్చాలి. ఎంత తన్నుకున్నా నాకు ఎనిమిది తూకాలు పడుతున్నాయి, ఏడు చాలంటున్నారు. ఎలా? ఆరులో ఎందుకు కాదు? ఒక్కో పళ్లెంలో రెండేసి బంతులు వేస్తే తగ్గుతుందా? పది బంతులైతే?

సమాధానం:

ఏడు చాలండి. ఎలాంటి బంతులిచ్చినా ఏడు దాటదు. ఆరులో అయిపోతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. ముందు పద్ధతి చెప్పేస్తాను, ఆ తర్వాత మీ ఎనిమిదో తూకం ఎక్కడ పుడుతోందో చూద్దాం. అసలు సంగతి అక్కడే ఉంది.

బంతులకి క, చ, ట, త, ప అని పేర్లు పెట్టుకోండి. స్కెచ్ పెన్నుతో బంతి మీదే రాసేస్తే మంచిది, ఎందుకంటే నాలుగో తూకానికి వచ్చేసరికి ఏది ఏదో గుర్తుండదు. మొదటి తూకం క, చ. రెండో తూకం ట, త. ప జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, అది పక్కనే ఉండనివ్వండి. మూడో తూకంలో ఆ రెండు జతల్లోనూ బరువుగా తేలినవాటిని తెచ్చి ఒకదానికొకటి తూచండి.

ఇక్కడికి చేతిలో ఏముందో చూసుకోండి. మూడు బంతులు ఒక వరసలో పడ్డాయి. నాలుగోది ఆ వరసలో ఎక్కడుందో తెలియదు కానీ, అన్నిటికన్నా పైన ఉన్న బంతి కంటే తేలికని మాత్రం తెలుసు, ఎందుకంటే అది దాని జతే. ఐదోది, అంటే ప, గురించి ఏమీ తెలియదు. నాలుగో తూకంలో ప ని ఆ మూడింటి వరసలో నడిమి బంతితో తూచండి. బరువైతే ఐదో తూకం పై బంతితో, తేలికైతే కింది బంతితో. దాంతో నాలుగు బంతుల వరస పూర్తవుతుంది.

మిగిలింది వేలాడుతున్న ఆ ఒక్క బంతి. దాన్ని నాలుగింటితోనూ పోల్చే పని లేదు. దాని జత బంతికి కింద ఉన్నవాటితో పోలిస్తే చాలు. అవి మూడు, లేదా రెండు. మూడింటి మధ్య ఒకదాన్ని ఇరికించడానికి రెండు తూకాలు సరిపోతాయి: మొదట నడిమిదానితో, తర్వాత పైదానితోనో కిందిదానితోనో. అయిదూ రెండూ ఏడు.

ఒకసారి నిజం బరువులతో చేసి చూద్దాం. క 61 గ్రాములు, చ 48, ట 55, త 50, ప 53 అనుకోండి. ఈ అంకెలు మనకి తెలుసు గానీ తూచేవాడికి తెలియవు, అతను చూసేది త్రాసు ఎటు మొగ్గిందన్నది మాత్రమే.

మొదటి తూకంలో క దిగింది, కాబట్టి చ < క. రెండో తూకంలో ట దిగింది, త < ట. మూడోది బరువైనవాటి మధ్య, అంటే క, ట. మళ్లీ క దిగింది. ఇప్పుడు త < ట < క అనే వరస వచ్చింది, చ మాత్రం క కింద వేలాడుతోంది. నాలుగో తూకంలో ప ని నడిమి బంతి ట తో పెడితే ప తేలింది. కాబట్టి ఐదో తూకం త తో. ఈసారి ప దిగింది. వరస త < ప < ట < క. ఇక చ సంగతి. అది క కంటే తేలికని మొదటి తూకంలోనే తేలింది కాబట్టి త, ప, ట ల మధ్యే దాని చోటు. ఆరో తూకంలో నడిమి ప తో పెడితే చ తేలింది. ఏడో తూకంలో త తో పెడితే అక్కడా చ తేలింది. చివరికి వరస చ < త < ప < ట < క, అంటే 48, 50, 53, 55, 61.

మూడో తూకం అటూ ఇటూ అయినప్పుడు చాలామంది తడబడతారు. పై ఉదాహరణలో క గెలిచింది కాబట్టి చ వేలాడింది. ట గెలిచి ఉంటే వరస చ < క < ట అయ్యేది, వేలాడేది త. గెలిచిన బంతి జతే ఎప్పుడూ వేలాడుతుందని గుర్తుపెట్టుకోండి. కాగితం మీద మూడు బంతుల వరస గీసి, పై బంతి నుంచి ఒక గీత కిందికి లాగి ఆ చివర వేలాడే బంతి పేరు రాసుకుంటే తికమక ఉండదు.

ఇంకో సందర్భం కూడా చెప్పాలి. ఐదో తూకంలో ప అన్నిటికన్నా బరువని తేలితే వరస త < ట < క < ప అవుతుంది. అప్పుడు చ కి కింద మిగిలేవి త, ట రెండే. ముందు ట తో తూచండి. చ బరువైతే అక్కడితో అయిపోయినట్టే, మొత్తం ఆరు తూకాలే పట్టాయి. పదిహేనులో ఒక్కసారే ఇలా కలిసొస్తుంది. అందుకే ఏ వరసైనా సమానంగా రావచ్చనుకుంటే ఈ పద్ధతి సగటు ఏడుకి కాస్త తక్కువ, 6.93.

ఇప్పుడు మీ ఎనిమిదో తూకం. మీరు ఏ పద్ధతిలో చేస్తున్నారో రాయలేదు కానీ, ఎనిమిది వచ్చే దారులు మామూలుగా రెండే కనిపిస్తాయి. ఒక్కో బంతినీ తెచ్చి అప్పటికే పేర్చిన వరసలో ఇరికించుకుంటూ పోవడం ఒకటి. ముందు నాలుగు బంతుల్ని పూర్తిగా పేర్చేసి, ఐదోదాన్ని చివర్లో ఇరికించడం రెండోది. రెండూ చూడ్డానికి చక్కగానే ఉంటాయి. నాలుగు బంతుల్ని పేర్చడానికి ఐదు తూకాలు పడతాయి, అంతకన్నా తక్కువలో కుదరదు కూడా. కానీ ఆ తర్వాత ఐదో బంతికి ఐదు చోట్లు ఉంటాయి: అన్నిటికన్నా కింద, మధ్యలో మూడు, అన్నిటికన్నా పైన. రెండు తూకాలు నాలుగు చోట్లనే వేరు చేయగలవు. ఒక్క చోటు ఎక్కువై మూడో తూకం పడుతుంది. అదే మీ ఎనిమిదోది.

కానీ అది చివర్లో బయటపడిందే తప్ప పుట్టింది చివర్లో కాదు. ఎక్కడ పుట్టిందో పట్టుకోవాలంటే తూకం తూకానికీ ఒక లెక్క రాసుకోవాలి.

ఐదు బంతుల్ని 5 × 4 × 3 × 2 × 1 = 120 రకాలుగా పేర్చవచ్చు. వాటిలో సరైన వరస ఒక్కటే, అదేదో మొదట్లో తెలియదు. బరువులు వేరువేరు కాబట్టి ఒక్కో తూకానికి జవాబు రెండే రకాలు, ఇటు మొగ్గడం లేదా అటు మొగ్గడం. జవాబు వచ్చిన ప్రతిసారీ కొన్ని వరసలు కొట్టేస్తాం. ఇంకొక్క తూకమే మిగిలి ఉంటే రెండు వరసల మధ్య మాత్రమే తేల్చగలం. రెండు మిగిలి ఉంటే నాలుగు, మూడు ఉంటే ఎనిమిది, నాలుగు ఉంటే 16, ఐదు ఉంటే 32, ఆరు ఉంటే 64, ఏడు ఉంటే 128. ఆరు ఎందుకు చాలవో ఇక్కడే తెలిసిపోయింది: ఆరు తూకాలతో వచ్చే జవాబుల కలయికలు 64, మనకి వేరు చేయాల్సినవి 120. ఏడుతో 128, అంటే ఎనిమిదే మిగులు. ఇంత ఇరుకులో ఒక్క తూకాన్ని కూడా నిర్లక్ష్యంగా వాడుకోలేం.

మొదటి తూకం ఎలా చేసినా 120 సగానికి పడుతుంది, 60. ఇంకా ఆరు తూకాలున్నాయి, అవి 64 దాకా మోయగలవు. బాగానే ఉంది. రెండో తూకంలో కొత్త జత బదులు, ఇరికించే పద్ధతిలోలాగా, ట ని తెచ్చి క తో తూచారనుకోండి. చ < క అని ముందే తెలుసు. ఆ రెండింటితో పోలిస్తే ట మూడు చోట్ల ఉండొచ్చు: రెండింటికీ కింద, మధ్యలో, పైన. 60 వరసలూ ఈ మూడింటికీ ఇరవయ్యేసి పంచుకుంటాయి. ట బరువని తేలితే 20 మిగులుతాయి, మంచిదే. తేలికని తేలితే 40 మిగులుతాయి. చేతిలో ఐదే తూకాలు, అవి 32 మాత్రమే మోయగలవు. ఇక ఆ తర్వాత మీరెంత తెలివిగా తూచినా ఏడులో పూర్తి చేస్తామనే హామీ పోయినట్టే. అంటే ఆట రెండో తూకంలోనే చెయ్యిజారింది, మనకి తెలిసింది మాత్రం ఎనిమిదోదానికి. ట ని క తో కాక చ తో తూచినా అంతే, అద్దంలో చూసినట్టు అదే 40. కాబట్టి రెండో తూకంలో రెండూ కొత్త బంతులే ఉండాలి. వేరే దారి లేదు.

రెండు జతలూ అయ్యాక మిగిలినవి 30 వరసలు. మూడో తూకం తర్వాత నాలుగు తూకాలుంటాయి, అంటే ఏ వైపు మొగ్గినా 16కి మించి మిగలకూడదు. బరువైన రెండింటినీ తూస్తే 15, 15. తేలికైన రెండింటినీ తూచినా 15, 15. అది కూడా సరైన దారే, మిగతా పద్ధతంతా తలకిందులు చేసుకోవాలి, అంతే. ఒక జతలో తేలికదాన్ని రెండో జతలో బరువైనదానితో తూస్తే 25, 5. ప ని తెచ్చి వేటితో తూచినా 20, 10. రెండూ పనికిరావు.

నాలుగో తూకం దగ్గరే అసలు గుంట ఉంది. ఇప్పుడు త < ట < క అనే వరస, క కింద చ, చేతిలో ప, మొత్తం 15 వరసలు. ఈ తూకం అయ్యాక మూడే మిగులుతాయి కాబట్టి ఏ వైపూ 8 దాటకూడదు. సహజంగా ఎవరికైనా ఏమనిపిస్తుందంటే, చ గురించి సగం తెలుసు కదా, ముందు దాని చోటు తేల్చేసి ఆ తర్వాత ప సంగతి చూద్దామని. చ ని ట తో తూస్తే 10, 5. త తో తూచినా 10, 5. పది మిగిలిందంటే పోయినట్టే. నాలుగు బంతుల్ని ముందు పేర్చేసేవాళ్లకి ఎనిమిదోది పుట్టేది ఇక్కడే. సరే ప ని వాడదామంటే, చ తో తూస్తే 9, 6. త తో 11, 4. క తో 12, 3. ట తో తూస్తే 8, 7. పనికొచ్చేది అదొక్కటే.

నమ్మకం కుదరకపోతే ఆ 8, 7 ని వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకోవచ్చు. చ, త, ట, క నాలుగింటి వరకే చూస్తే మూడే వరసలు సాధ్యం: చ-త-ట-క, త-చ-ట-క, త-ట-చ-క. ప ట కంటే తేలికైతే, మొదటి వరసలో ట కి కింద రెండు బంతులు ఉన్నాయి కాబట్టి ప కి మూడు చోట్లు. రెండో వరసలోనూ మూడే. మూడో వరసలో ట కింద త ఒక్కటే కాబట్టి రెండు. కలిపి ఎనిమిది. ఒక్కో వరసలో ప కి ఐదు చోట్లు ఉంటాయి, మొత్తం 15, కాబట్టి రెండో వైపు ఏడు. మిగతా అంకెలు కూడా ఇలాగే వస్తాయి.

ఐదో తూకానికి వచ్చాక కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. ప తేలికైన వైపు 8 వరసలున్నాయి, వాటిని సరిగ్గా 4, 4 గా చీల్చాలి. ప ని త తో తూస్తే అలా చీలుతుంది, చ ని త తో తూస్తే 5, 3 అయి పోతుంది. ప బరువైన వైపు మాత్రం ఏడే ఉన్నాయి, ఒకటి మిగులు, కాబట్టి రెండు దారులు: ప ని క తో తూచవచ్చు, లేదా చ ని ట తో తూచవచ్చు, రెండింటికీ 4, 3 గానే చీలుతాయి. మొత్తం పద్ధతిలో మనకి నిజంగా ఎంచుకునే స్వేచ్ఛ ఉన్న చోట్లు ఇలాంటివి కొన్నే. ఏడు తూకాల పద్ధతి ఎవరో మాయగా కనిపెట్టినట్టు అనిపిస్తుంది గానీ, ఈ లెక్క పక్కన పెట్టుకుని కూర్చుంటే దాదాపు ప్రతి మలుపులోనూ అదే మనల్ని ఒక్క దారిలోకి తోస్తుంది. రాతలో ఇది మొదట కనిపించింది 1956లో, స్టాన్‌ఫర్డ్‌లో హోవర్డ్ డెముత్ చేసిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో. కంప్యూటర్‌లో అంకెల్ని వరసలో పెట్టే పనికోసం ఆయన దీన్ని చూశారు. త్రాసుకి బదులు రెండు అంకెల పోలిక, మిగతాదంతా ఒకటే.

ఒక్కో పళ్లెంలో రెండేసి వేస్తే అని అడిగారు. మంచి ప్రశ్న, చాలామంది దీన్ని దాటేస్తారు. పై లెక్క ఒకటికొకటి తూచేటప్పటిది కదా, గుంపులుగా తూస్తే ఎక్కువ సమాచారం రాదా అని సందేహం రావడం సహజమే. రాదు. ఐదు బంతుల బరువులు ఏదో ఒక క్రమంలో 1, 2, 4, 8, 16 గ్రాములు అనుకోండి, ఆ సంగతి మీకే ముందే చెప్పేశాను అనుకోండి, ఏ బంతి ఏదో మాత్రం చెప్పలేదు. ఈ అంకెల్లో పెద్దది ఏ వైపు ఉంటే ఆ వైపే మొగ్గుతుంది, ఎందుకంటే చిన్నవన్నీ కలిపినా దానికి చాలవు: 1 + 2 + 4 + 8 = 15, 16 కంటే తక్కువే. కాబట్టి ఎన్ని బంతులు ఎటు వేసినా త్రాసు ఎప్పుడూ సరితూగదు, జవాబులు రెండే. 120 వరసలూ అలాగే ఉన్నాయి, ఆరు తూకాలకి 64 జవాబులే. ఇంత చెప్పినా ఆరు చాలనప్పుడు, బరువులే తెలియనప్పుడు ఎలా చాలుతాయి? గుంపు తూకం చెప్పేదల్లా అన్నిటికన్నా బరువైనది ఏ పళ్లెంలో ఉందన్నదే, అది కూడా ఇలాంటి బరువులున్నప్పుడే. మామూలు బరువులైతే అదీ చెప్పదు. ఒకవైపు 50, 53, రెండోవైపు 48, 61 వేస్తే రెండోవైపు మొగ్గుతుంది, 48 అందరికన్నా తేలిక అన్న సంగతి అందులో మునిగిపోతుంది.

బరువులు 1, 2, 3, 4, 5 గ్రాములే అని ముందే తెలిసిన పజిల్ వేరే. అక్కడ 1 + 4, 2 + 3 సరితూగుతాయి, జవాబులు మూడు రకాలవుతాయి, గుంపు తూకాలకి విలువ వస్తుంది. ఎక్కడైనా ఏడుకన్నా తక్కువలో చేశామని ఎవరైనా చెప్తే, ముందు ప్రశ్నలో బరువులు ఇచ్చారేమో చూడండి.

నిజం త్రాసుతో చేసేవాళ్లకి రెండు మాటలు. బంతులు వేయకముందే ముల్లు నడిమిన నిలుస్తుందో లేదో, అంటే పాసంగం ఉందో లేదో చూసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గా నిలిచినా దండె రెండు చేతుల పొడవు తేడా ఉండొచ్చు. అనుమానం వస్తే బంతుల్ని అటుదిటు మార్చి మళ్లీ తూచండి. రెండుసార్లూ అదే బంతి దిగితే సరే. రెండుసార్లూ అదే పళ్లెం దిగితే ఆ రెండు బంతుల తేడా మీ త్రాసు చూపించగలిగిన దానికన్నా చిన్నదన్నమాట. త్రాసు సరితూగితే కంగారు పడక్కర్లేదు, రెండింటిలో ఏదైనా బరువని రాసుకుని ముందుకి వెళ్లండి. నిజంగా సమానమైనప్పుడు ఎటు రాసినా వరస తప్పు కాదు, తూకాలూ ఏడు దాటవు.

తప్పు తూకం జరిగితే ఈ పద్ధతి మిమ్మల్ని హెచ్చరించదు, అదే దీని బలహీనత. ఐదు బంతుల్లో వచ్చే పది జతల్నీ ఒక్కోసారి తూస్తే, ఒక తప్పు చాలాసార్లు ఇంకో తూకంతో పొసగక బయటపడుతుంది. ఇక్కడ అనవసరమైన తూకమే లేదు కాబట్టి పొసగకపోవడమూ ఉండదు, తప్పు వరస నిశ్శబ్దంగా వచ్చేస్తుంది. ఎక్కడైనా లెక్క తప్పామేమో చూసుకోవడానికి మాత్రం ఒక సులువుంది. చివరి వరసలో పక్కపక్కన ఉన్న ప్రతి జతా మీ కాగితం మీద నేరుగా తూచినట్టు ఉండాలి. పై ఉదాహరణలో చ, త ఏడో తూకం. త, ప ఐదోది. ప, ట నాలుగోది. ట, క మూడోది. నాలుగూ ఉన్నాయి. ఏ ఒక్క పక్కపక్క జతనీ తూచకపోతే ఆ రెండింటినీ తారుమారు చేసినా మీ తూకాలన్నిటికీ సరిపోతుంది, అంటే అక్కడ మీరు ఊహించి రాశారన్నమాట. ఇది ఏ పద్ధతికైనా, ఎన్ని బంతులకైనా వర్తిస్తుంది, ఒకటికొకటి తూచినంతకాలం.

ఇక పది బంతులు. ఇప్పుడు చేసిందే ఇంకొంచెం పెద్దదిగా చేయాలి. దీన్ని 1959లో లెస్టర్ ఫోర్డ్, సెల్మర్ జాన్సన్ అందరికీ పనికొచ్చే పద్ధతిగా రాశారు. పది బంతుల్ని ఐదు జతలు చేసి తూస్తే ఐదు తూకాలు. ఆ జతల్లో బరువైన ఐదింటినీ మన పద్ధతిలో పేరిస్తే ఏడు. మొత్తం పన్నెండు. ఇప్పుడు ఐదు బరువు బంతులు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని కింద దాని తేలిక జత వేలాడుతోంది. ఒకటో బరువు బంతి జత అన్నిటికన్నా కిందికి ఊరికే వెళ్లిపోతుంది, తూకం అక్కర్లేదు.

తర్వాత రెండోదాని జతని ఇరికిద్దామనిపిస్తుంది. వద్దు, ముందు మూడోదాని జతని తీసుకోండి. దానికింద ఉన్నవి మూడు బంతులు: ఒకటో జత, ఒకటోది, రెండోది. మూడింటి మధ్య నాలుగు చోట్లు, రెండు తూకాలకి సరిగ్గా సరిపోతుంది, ఏమీ వృథా కాదు. ఆ తర్వాత రెండోదాని జతని తీసుకుంటే, మూడో జత మహా అయితే దాని కిందికి వచ్చి చేరి ఉంటుంది, అప్పుడు కూడా పోల్చాల్సినవి మూడే, రెండు తూకాలే. అదే రెండోదాని జతని ముందు పెట్టి ఉంటే, రెండింటి మధ్య మూడు చోట్ల కోసం రెండు తూకాలు ఖర్చయ్యేవి. పైగా మూడోదాని జతకి పోల్చాల్సినవి నాలుగు బంతులు, ఐదు చోట్లు అయ్యేవి, మూడు తూకాలు పట్టేవి. అదే పాత ఐదో చోటు గొడవ. ఇక్కడ నుంచి ఐదోదాని జత: దాని కింద ఏడు బంతులు, ఎనిమిది చోట్లు, మూడు తూకాలు. చివరగా నాలుగోదాని జత: దాని కింద కూడా ఏడుకి మించవు, మూడు తూకాలు. పన్నెండుకి రెండు, రెండు, మూడు, మూడు కలిపితే 22.

వరసల లెక్కతో సరిచూస్తే పది బంతులకి 36,28,800 వరసలు. 21 తూకాలు 20,97,152 వరకే మోయగలవు, 22 అయితే 41,94,304. కాబట్టి 22కి తగ్గడం అసాధ్యం, మనం 22లో చేశాం.

పదకొండు దాకా ఈ రెండు లెక్కలూ ఇలాగే కలుస్తాయి, పదకొండు బంతులకి 26. పన్నెండు దగ్గర విడిపోతాయి. పన్నెండు బంతుల వరసలు 47,90,01,600. 29 తూకాలు 53,68,70,912 దాకా మోయగలవు, అంటే లెక్క ప్రకారం 29 చాలాలి. ఫోర్డ్, జాన్సన్ పద్ధతికి 30 పడతాయి. ఇక్కడ ఆ వరసల లెక్కని ఎలా వాడుకోకూడదో తెలుస్తుంది: ఇన్ని తూకాలు చాలవు అని అది ఖాయంగా చెప్పగలదు, ఇన్ని చాలతాయి అని చెప్పలేదు. ప్రతి తూకంలోనూ వరసలు దాదాపు సగానికి చీలితేనే 29లో అవుతుంది, బంతుల్ని ఎలా ఎంచుకున్నా ఎక్కడో ఒకచోట అలా చీలవు. 1965లో మార్క్ వెల్స్ కంప్యూటర్‌తో దారులన్నీ వెతికించి 29లో కుదరదని తేల్చారు. పదమూడుదీ అదే కథ. లెక్క 33 అంటుంది, కావలసింది 34. అది తేలడానికి 2002 దాకా ఆగాల్సివచ్చింది, పోలండ్‌కి చెందిన మార్చిన్ పెచార్‌స్కీ మళ్లీ కంప్యూటర్ వెతుకులాటతోనే చూపించారు. ఎన్ని బంతులకైనా ఫోర్డ్, జాన్సన్ పద్ధతే అన్నిటికన్నా మేలా అంటే, కాదు. బంతులు బాగా పెరిగాక కొన్ని సంఖ్యల దగ్గర దానికన్నా తక్కువలో చేయొచ్చని 1979లో గ్లెన్ మనాకర్ చూపించారు. మీరడిగిన ఐదుకీ పదికీ మాత్రం దాన్ని మించింది లేదు.